రాతి గోడకు ఒకటి, కలంకారీ గోడకు ఒకటి: రెండు ట్రాక్‌ల ప్రాజెక్టు డైరీ

కొలతలు

హైదరాబాదులో ఒక ఫ్లాటు హాలుకు ఈ పని చేస్తున్నాము. ఒకదానికొకటి మూలలో కలిసే రెండు గోడలకు ట్రాక్ లైట్లు, అంటే కరెంటు తీగలున్న లోహపు బద్దలో కావలసిన చోట బిగించుకునే లైట్లు, అమర్చాలి. ఎడమ గోడ 300 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని మీద సన్నగా చీల్చిన తాండూరు రాతి పట్టీలను అతికించారు. ఒక్కో పట్టీ ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లు. పట్టీలన్నీ ఒకే మట్టంలో లేవు, కొన్ని పక్కవాటికంటే సెంటీమీటరున్నర దాకా ముందుకు పొడుచుకొని ఉన్నాయి. రెండో గోడ 400 సెంటీమీటర్ల పొడవున్న తెల్లని సాదా గోడ. దాని నడుమ 120 వెడల్పు, 90 ఎత్తు గల శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం, దానికి చెరొక పక్కన 30 వెడల్పు, 45 ఎత్తు గల చేర్యాల బొమ్మల ఫ్రేములు రెండు వస్తాయి. మూడింటి నడిమి బిందువూ నేల నుంచి 155 సెంటీమీటర్ల ఎత్తున, అంటే నిలబడి చూసేవారి కంటి మట్టానికి దగ్గరగా, ఉండేలా ఇంటివారు ముందే నిర్ణయించుకున్నారు.

శ్లాబు అడుగు నేలకు 290 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ట్రాక్ మందమూ లైటు మెడా కలిసి 15 సెంటీమీటర్లు కిందకి వేలాడతాయి కనుక, వెలుగు మొదలయ్యే చోటును 275గా తీసుకున్నాను. చాలామంది లెక్కను శ్లాబు నుంచే మొదలుపెడతారు. ఇంత తక్కువ ఎత్తున్న గదుల్లో ఆ 15 సెంటీమీటర్ల తేడాకే కాంతి వలయం బొమ్మ మీదినుంచి పక్కకు జారుతుంది.

కొలతలు రాసుకుంటూ ఉండగా ఎలక్ట్రీషియన్ తన ఆలోచన చెప్పాడు: "సార్, రెండు గోడలకూ అడుగున్నర వదిలి, ఎల్ ఆకారంలో ఒకటే ట్రాక్ కొట్టేద్దాం. జాయింటు ఒక్కటే, స్విచ్చి ఒక్కటే, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది." నీట్‌గా ఉంటుందన్న మాట నిజమే. అయితే ట్రాక్ ఆకారం గురించి మాట్లాడే ముందు, అది ఏ గోడకు ఎంత దూరంలో ఉండాలో తేల్చుకోవాలి. లైటు వెలుగు విచ్చుకునే కోణమైన బీమ్ యాంగిల్ గానీ, ట్రాక్ పొడవు గానీ ఆ దూరం తేలిన తరువాతే తేలుతాయి.

నీడ లెక్క

గోడకూ ట్రాక్‌కూ మధ్య దూరాన్ని నిర్ణయించేది నీడ. గోడ మీద ఏదైనా అంచు ముందుకు పొడుచుకొని ఉంటే, పైనుంచి పడే వెలుగులో దాని కింద నీడ పడుతుంది. ఆ అంచు లైటుకు ఎంత కిందగా ఉందో కొలిచి, దానిని గోడకు లైటుకు మధ్య దూరంతో భాగించి, వచ్చినదానిని అంచు మందంతో గుణిస్తే నీడ పొడవు దాదాపుగా వస్తుంది. లైటు గోడకు దగ్గరైన కొద్దీ నీడ పొడవవుతుంది, దూరమైన కొద్దీ కురచవుతుంది. రాతి గోడకు ఆ నీడే అందం, ఫ్రేము కట్టిన బొమ్మకు ఆ నీడే చేటు.

ముందుగా రాతి గోడ సంగతి చూద్దాం. కంటి మట్టం దగ్గర, అంటే లైటుకు 120 సెంటీమీటర్ల కింద, సెంటీమీటరున్నర పొడుచుకొచ్చిన రాయిని తీసుకున్నాను. ట్రాక్ గోడకు 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నీడ రెండున్నర సెంటీమీటర్లే వస్తుంది. అప్పుడు రాయి గరుకుతనం సగం చచ్చిపోయి, గోడ అచ్చేసిన వాల్‌పేపర్‌లా కనిపిస్తుంది. దూరం 20 అయితే నీడ 9 సెంటీమీటర్లు, అంటే కింది పట్టీ ఎత్తులో దాదాపు అంతా నల్లబడుతుంది. రాళ్ళకు బదులు చీకటి గీతలే కంటికి ఆనుతాయి. 30 సెంటీమీటర్ల దూరంలో నీడ 6 సెంటీమీటర్లు, కింది పట్టీలో సగానికి కాస్త ఎక్కువ. అదే ఖాయం చేశాను. నీడ కిందకి పోయేకొద్దీ పెరుగుతుంది కనుక, పాదం దగ్గర ఇదే 30 సెంటీమీటర్లకు నీడ 13 దాకా సాగుతుంది. అయితే అక్కడ సోఫా అడ్డు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. రాళ్ళు ఇంకా ఎక్కువ పొడుచుకొని ఉంటే ట్రాక్‌ను మరికొంత వెనక్కి జరపవలసి వచ్చేది. ఫలానా టెక్స్చర్ గోడకు ఫలానా దూరమని ఒకే అంకె చెప్పడానికి వీలులేనిది ఇందుకే.

ఇదే లెక్కను చేర్యాల ఫ్రేముకు వేసి చూశాను. ఫ్రేము చెక్క, అద్దం కంటే 2 సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. దాని పై అంచు లైటుకు సుమారు 97 సెంటీమీటర్ల కింద ఉంది. ట్రాక్ 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆరున్నర సెంటీమీటర్ల నీడ బొమ్మ మీదకే పడి, పై వరుసలోని మనుషుల తలలు మునిగిపోతాయి. 70 దగ్గర నీడ మూడు సెంటీమీటర్ల లోపే ఆగుతుంది, అది బొమ్మ చుట్టూ వదిలిన ఖాళీ అంచులో కలిసిపోతుంది.

బొమ్మలకు లైటును నిట్టనిలువు గీతకు 30 డిగ్రీల వాలులో ఉంచాలనే ఆనవాయితీ ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. లైటుకూ బొమ్మ నడిమికీ ఎత్తులో తేడా 120, దానిని 0.577తో గుణిస్తే 69 వస్తుంది. అంటే 70 సెంటీమీటర్లే. ఇంకా దూరం జరిపితే నీడ ఇంకా తగ్గుతుంది కదా అనిపించవచ్చు. కానీ దూరం పెరిగితే చూసేవారి తల వెలుగుకు అడ్డం వచ్చి వారి నీడే బొమ్మ మీద పడుతుంది. ఫ్రేము అద్దంలో లైటు ప్రతిబింబం కూడా గది మధ్యకు జరిగి కంట్లో గుచ్చుకుంటుంది. మన ఇళ్ళలో ఇంకో చిక్కు ఫ్యానుతో వస్తుంది. ఈ హాల్లో ఫ్యాను రెక్కల కొసలు కలంకారీ గోడకు 125 సెంటీమీటర్ల దూరం దాకా వస్తాయి. ట్రాక్ అంత వెనక్కి పోయి ఉంటే, తిరిగే రెక్కలు వెలుగును కోసి బొమ్మ మీద ఆగకుండా మిణుకుమిణుకుమనిపించేవి.

కాబట్టి ఒక గోడకు 30, మరొక గోడకు 70. రెండింటికీ అడుగున్నర అన్న ప్రతిపాదన ఇక్కడితో పోయింది. ఎల్ ఆకారం మాత్రం ఇంకా పోలేదు, దాని సంగతి పొడవు దగ్గర చెబుతాను.

డబ్బా మీది కోణం, గోడ మీది కోణం

బీమ్ యాంగిల్ అంటే వెలుగు పూర్తిగా ఆగిపోయే అంచుల మధ్య కోణమని చాలామంది అనుకుంటారు. నిజానికి నడుమ ఉన్న తీవ్రత సగానికి పడిపోయే రెండు అంచుల మధ్య కోణాన్ని అలా పిలుస్తారు. ఆ అంచు దాటాక కూడా పలచని వెలుగు ఉంటుంది. ఈ "సగం" అన్నది ముందుముందు బాగా అక్కరకొస్తుంది.

వెలుగు గోడకు ఎదురుగా సూటిగా పడితే వలయం వ్యాసానికి లెక్క ఇది:

వ్యాసం = 2 × దూరం × tan(కోణం ÷ 2)

ఒక మీటరు దూరం నుంచి 15 డిగ్రీల లైటు 26 సెంటీమీటర్ల వలయాన్ని, 24 డిగ్రీలది 42, 36 డిగ్రీలది 65 సెంటీమీటర్ల వలయాన్ని ఇవ్వాలి. కొన్న లైట్ల డబ్బాల మీద రాసిన కోణాన్ని నమ్మేయకుండా, మూడు రకాల నుంచీ ఒక్కొక్క లైటుకు తాత్కాలికంగా ప్లగ్గు తగిలించి, తెల్ల గోడకు సరిగ్గా మీటరు దూరంలో పట్టుకొని, వెలుగును కొలిచే లక్స్ మీటరుతో నడుమ ఎంత ఉందో, దానిలో సగం ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టాము. 15, 36 డిగ్రీలవి దగ్గరదగ్గరగా సరిపోయాయి. 24 అని రాసి ఉన్న మొదటి రకం మాత్రం 58 సెంటీమీటర్ల వలయం ఇచ్చింది, అంటే అసలు కోణం 32 డిగ్రీల పైమాటే. ఆ రకాన్ని తిప్పి పంపి, లెన్సు మార్చుకునే వీలున్న వేరే రకం తెప్పించాము. లెన్సు మారే లైటుకు ధర కొంచెం ఎక్కువైనా, రేపు ఇంటివారు చిన్న బొమ్మ తీసి పెద్దది పెడితే లైటు మొత్తం మార్చవలసిన పని ఉండదు.

కలంకారీ గోడకు ఏ కోణం

70 సెంటీమీటర్ల దూరం నుంచి 30 డిగ్రీల వాలులో బొమ్మ నడిమికి వెలుగు ప్రయాణించే దూరం సుమారు 139 సెంటీమీటర్లు. ఆ దూరంలో 15 డిగ్రీల లైటు 37, 24 డిగ్రీలది 59, 36 డిగ్రీలది 90 సెంటీమీటర్ల వెడల్పు ఇస్తుంది. 30 సెంటీమీటర్ల చేర్యాల ఫ్రేముకు 15 డిగ్రీలు చక్కగా సరిపోతాయి. ఫ్రేముకు రెండు పక్కలా గోడ మీద మూడు నాలుగు సెంటీమీటర్ల వెలుగు మాత్రమే మిగులుతుంది. 120 సెంటీమీటర్ల కలంకారీకి ఏ ఒక్క లైటూ చాలదు. రెండు 24 డిగ్రీల లైట్లను 60 సెంటీమీటర్ల ఎడంతో పెట్టాను. రెండు వలయాల అంచులు వస్త్రం నడుమ తాకుతాయి. అక్కడ ఒక్కొక్కటి సగం తీవ్రతలో ఉంటుంది కనుక, రెండు సగాలు కలిసి దాదాపు ఒక నిండు వెలుగవుతుంది. వలయాలను ఇంకా మీదమీదకు తెస్తే నడుమ మచ్చలా మెరుస్తుంది, ఎడంగా జరిపితే నిలువు చీకటి చార కనిపిస్తుంది.

ఎత్తు విషయంలో కాగితం మీద వలయం గీసుకొనేవారికి తెలియని ఒక మెలిక ఉంది. వెలుగు వాలుగా పడుతుంది కాబట్టి గోడ మీద గుండ్రంగా కాక, కిందకి సాగిన కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది. 24 డిగ్రీల లైటును సరిగ్గా బొమ్మ నడిమికి గురిపెడితే, వెలుగు పై అంచు నేల నుంచి 197 సెంటీమీటర్ల దగ్గర, కింది అంచు 60 దగ్గర వస్తాయి. వస్త్రమేమో 110 నుంచి 200 దాకా ఉంది. అంటే పైన అంచు అందదు, కింద 50 సెంటీమీటర్ల వెలుగు వృథాగా ఖాళీ గోడ మీద పారుతుంది. గురిని నడిమికి 12 సెంటీమీటర్ల పైకి, అంటే వాలు 33 డిగ్రీలకు, మార్చగానే వెలుగు 93 నుంచి 205 దాకా సర్దుకుంటుంది. నిచ్చెన మీద ఒక చెక్క బద్దకు లైటు కట్టి రాత్రి పరీక్షించినప్పుడు ఇది అచ్చంగా అలాగే కనిపించింది. ఏ బొమ్మకైనా గురి నడిమికి కాస్త పైన ఉండాలన్నది అప్పటినుంచి నా పనివాళ్ళకు చెప్పే మాట.

రాతి గోడకు ఏ కోణం

రాతి గోడకు సన్నని కోణమే వాడాలని, అప్పుడే వెలుగు గోడను రాసుకుంటూ కిందిదాకా పోతుందని చెబుతారు. మూడు మీటర్ల లోపు ఎత్తున్న ఫ్లాట్లకు ఇది పూర్తిగా వర్తించదు. ట్రాక్ 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, 24 డిగ్రీల లైటును 10 డిగ్రీలు గోడవైపు వంచితే, వెలుగు గోడను మొదట తాకేది లైటుకు 74 సెంటీమీటర్ల కింద. అంటే శ్లాబు నుంచి దాదాపు 90 సెంటీమీటర్ల రాయి మసకలో ఉండిపోతుంది. ఇంత కురచ గోడలో అది మూడో వంతు. ఎత్తైన హోటల్ లాబీల్లో ఈ మసక ఎవరికీ కనపడదు, ఇక్కడ మొదట కనపడేది అదే.

36 డిగ్రీల లైటును 15 డిగ్రీలు వంచితే వెలుగు 46 సెంటీమీటర్ల కిందనే గోడను అందుకొని, పాదం దాకా విడవకుండా పోతుంది. 60 డిగ్రీలది ఇంకా పైనుంచి అందుకునేదే, కానీ దాని వెలుగులో ఎక్కువ భాగం గదిలోకి చెదిరి సోఫాలో కూర్చున్నవారి కళ్ళలో పడుతుంది. అందుకని 36 దగ్గర ఆగాను.

లైట్ల మధ్య ఎడం 60 సెంటీమీటర్లు పెట్టాను. ఈ ఎడంతో పక్కపక్క లైట్ల వెలుగులు లైటుకు సుమారు 90 సెంటీమీటర్ల కింద కలుస్తాయి. అంతకు పైన గోడ మీద కమానుల్లాంటి వంపులు వరుసగా కనిపిస్తాయి. ఎడం 40కి తగ్గిస్తే వంపులు 66 దగ్గరే కలుస్తాయి, కానీ ఐదు లైట్ల చోట ఏడో ఎనిమిదో కావాలి. ఇంటివారికి రెండు తీర్లూ ఫోటో తీసి చూపించాము. రాతి గోడ మీద కమానుల వరుసే బాగుందని వారు అన్నారు, నా అభిప్రాయమూ అదే. వంపులే వద్దనుకునేవారు ట్రాక్ లైట్లు మాని, గోడ పొడవునా సాగే ఎల్ఈడీ పట్టీని అంచు వెనక దాచుకోవడం మేలు.

ట్రాక్ పొడవు

గోడ ఎంత పొడవుంటే ట్రాక్ అంత పొడవుండాలనే నియమం ఏదీ లేదు. మొదటి లైటు నుంచి చివరి లైటుకు ఎంత దూరమో, దానికి రెండు కొసలా పదిహేనేసి సెంటీమీటర్లు కలిపితే చాలు. ఆ పదిహేను ఎందుకంటే, కరెంటు వచ్చే కొసన ఉండే ఫీడ్ కనెక్టరు పది సెంటీమీటర్ల చోటు మింగేస్తుంది, అక్కడ లైటు కూర్చోదు. లైటు అడాప్టరు పొడవు కూడా పది పన్నెండు సెంటీమీటర్లు ఉంటుంది. రెండు ట్రాక్ ముక్కలు కలిసే జాయింటు దగ్గర కూడా అంతే, అక్కడా లైటు కూర్చోదు.

కలంకారీ గోడ మీద, రాతి గోడ మూల నుంచి కొలిస్తే, లైట్లు 70, 170, 230, 330 దగ్గర రావాలి. కొసల మధ్య దూరం 260, రెండు వైపులా చేర్చితే 290. కాబట్టి 300 సెంటీమీటర్ల ట్రాక్, అంటే ఒక రెండు మీటర్ల ముక్క, ఒక మీటరు ముక్క. ట్రాక్ మూలకు 50 దగ్గర మొదలై 350 దగ్గర ముగుస్తుంది, జాయింటు 250 దగ్గర వస్తుంది, 230 లైటుకు అడ్డం రాదు. డబ్బు మిగలాలంటే రెండు మీటర్ల ట్రాక్‌తోనే సరిపెట్టి, కొస లైట్లను పక్కకు తిప్పవచ్చు. అప్పుడు 45 సెంటీమీటర్లు పక్కకు చూడవలసి వస్తుంది, లైటు 18 డిగ్రీలు తిరుగుతుంది, ఫ్రేము పక్క అంచు నుంచి సెంటీమీటరుకు కాస్త ఎక్కువ నీడ పడుతుంది. అది కంటికి పెద్దగా తెలియదు. ఇక్కడ బడ్జెట్ ఉంది కనుక లైట్లను బొమ్మల ఎదుటే ఉంచాను.

రాతి గోడ మీద లైట్లు మూల నుంచి 30, 90, 150, 210, 270 దగ్గర వస్తాయి. కొస లైటు మూలకు, లైట్ల ఎడంలో సగం దూరంలో ఉండాలి. లేకపోతే మూల చీకటవుతుంది. ఎల్ ఆకారం చెడిపోయింది సరిగ్గా ఇక్కడే. రెండు కాళ్ళు గోడలకు వేరువేరు దూరాల్లో ఉండేలా ఎల్‌ను వేయవచ్చు, కానీ దాని మూల కలంకారీ గోడకు 70 దగ్గర పడుతుంది కనుక రాతి గోడ వెంట పోయే కాలు 70 దగ్గరే మొదలవుతుంది. 30 దగ్గర లైటు పెట్టడానికి ట్రాక్ ఉండదు. పైగా రెండు గోడలూ ఒకే స్విచ్చి మీదకు వస్తాయి. వస్త్రానికి వెలుగు తగ్గించుకోవాలి, రాయికి అక్కర్లేదు. ఇది విన్నాక ఎలక్ట్రీషియన్ ఎల్ మాట ఎత్తలేదు. రాతి గోడ ట్రాక్ గోడకు 30 దగ్గర పోతుంది, కలంకారీ ట్రాక్ అదే గోడకు 50 దగ్గర ఆగిపోతుంది కాబట్టి రెండూ ఒకదానినొకటి ఎక్కడా దాటవు.

రాతి గోడ ట్రాక్ 15 నుంచి 285 దాకా, అంటే 270. రెండు మీటర్ల ముక్కను మొదట వేస్తే జాయింటు 215 దగ్గర, అంటే 210 లైటు నెత్తిన పడుతుంది. అందుకని మీటరు ముక్కను ఫీడ్ వైపు వేసి, జాయింటును 115కు తెచ్చి, రెండు మీటర్ల ముక్కను చివరి కొసన 30 సెంటీమీటర్లు కోసాము. కోత హాక్సా బ్లేడుతో జరిగింది. కోసిన చోట రాగి తీగ కొస వంగి అల్యూమినియం గోడను తాకకుండా చూసి, ఆకురాయితో మెరుగు తీసి, తీగను రెండు మిల్లీమీటర్లు లోపలికి నొక్కి, ఆ తరువాతే ఎండ్ క్యాప్ బిగించాము. రాగి తాకి ఉంటే స్విచ్చి వేయగానే ఎంసీబీ పడిపోవడమో, ట్రాక్ ఒంటికి కరెంటు రావడమో జరుగుతుంది. ఎర్తు తీగ లేని రెండు తీగల ట్రాక్‌లు బజారులో చవకగా దొరుకుతాయి, కానీ ఒళ్ళంతా లోహమైన వస్తువుకు నేను మూడు తీగలదే వాడతాను.

బిగింపు

ఈ హాలులో ఫాల్స్ సీలింగు లేదు, ట్రాక్ నేరుగా శ్లాబుకు బిగిసింది. జిప్సమ్ బోర్డు ఉన్న ఇళ్ళలో బోర్డు వెనక ప్లైవుడ్ ముక్కలు ముందే వేయించుకోవాలి. లైటును తిప్పిన ప్రతిసారీ ట్రాక్ మీద లాగుడు పడుతుంది, ఉత్త బోర్డులో స్క్రూలు నిలవవు. శ్లాబులో కరెంటు పైపులు పోతుంటాయి కనుక డ్రిల్ బిట్టుకు 35 మిల్లీమీటర్ల దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టి, అంతకంటే లోతు పోకుండా 6 మిల్లీమీటర్ల రంధ్రాలు వేశాము. ఫ్యాను డబ్బా నుంచి స్విచ్చి బోర్డు వైపు పోయే గీత మీద మాత్రం ఒక్క రంధ్రమూ వేయలేదు.

వెలుగు తగ్గించడం

లైట్లన్నీ 3000 కెల్విన్‌వి, రంగులను నమ్మకంగా చూపే సీఆర్ఐ 90కి పైనున్నవి. చేర్యాల బొమ్మల ఎర్రని నేపథ్యానికి ఇది తప్పదు. తక్కువ సీఆర్ఐ లైటు కింద పరీక్షించినప్పుడు అదే ఎరుపు ఇటుకరంగులోకి దిగిపోయింది.

కలంకారీ మీద పూర్తి వెలుగులో మీటరు 480 లక్స్ చూపింది. మొక్కల రంగులు వేసిన వస్త్రాలకు మ్యూజియాలు 50 లక్స్ దాటనివ్వవు. కరక్కాయతో వచ్చే పసుపు లాంటి రంగులు వెలుగుకు త్వరగా వెలిసిపోతాయి. ఇంటి హాల్లో 50 లక్స్ పెడితే, పక్కన రాతి గోడ వెలుగుతుండగా వస్త్రం ఆరిపోయినట్టే ఉంటుంది. జరిగే నష్టం వెలుగు ఎంత, ఎంతసేపు అన్న రెండింటి గుణకారం మీద ఆధారపడుతుంది కనుక, 100 లక్స్ చొప్పున రోజుకు మూడు గంటలు అన్న ఒడంబడికకు వచ్చాము. మ్యూజియం లెక్కలో అది 50 లక్స్ చొప్పున ఆరు గంటలకు సమానం.

ఎలక్ట్రీషియన్ మొదట బోర్డులో ఉన్న ఫ్యాను రెగ్యులేటరుకే ట్రాక్‌ను కలిపి చూశాడు. లైట్లు వణికాయి, రెండో మెట్టు దాటగానే ఆరిపోయాయి. ఫ్యాను కోసం చేసిన రెగ్యులేటరు ఎల్ఈడీ డ్రైవరుకు పనికిరాదు. డిమ్మబుల్ డ్రైవర్లున్న లైట్లకు తగిన ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మరు పెట్టాక వణుకు పోయింది. వస్త్రం మీద 100 లక్స్ వచ్చే చోట నాబు పక్కన ప్లేటు మీద పెన్సిలుతో చిన్న గీత పెట్టాము.

మిగిలిన పని ఒక్కటే. రాతి గోడ మూలలోని కొస లైటు పక్కనున్న సాదా గోడను కూడా రాసుకుంటూ పోతోంది, పుట్టీ పట్టినప్పటి తాపీ అలలన్నీ ఆ కాస్త మేర బయటపడుతున్నాయి. లైటును మూల నుంచి అవతలికి ఐదు డిగ్రీలు తిప్పితే అలలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. ఆ ఒక్క లైటుకు, వెలుగు పక్కలకు చెదరకుండా ఆపే తేనెపట్టు జాలీ ఆర్డరు చేశాము. అది వచ్చాక కూడా అలలు కనిపిస్తే, ఆ మూల నుంచి ఒక అడుగు మేర పుట్టీని మళ్ళీ గీకి రుద్దించాలి.